మొదటి వెబ్ ఉద్యోగానికి మూడు ప్రాజెక్టులు: గోడ క్యాలెండరు మీది పాల లెక్క

ప్రశ్న: నమస్కారం సార్. మాది గుణుపురం. ఈ ఏడాదే బీసీఏ పూర్తయింది. విశాఖపట్నంలోనూ భువనేశ్వర్‌లోనూ వెబ్ డెవలపర్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్నాను. గిట్‌హబ్‌లో పద్నాలుగు ప్రాజెక్టులు ఉన్నాయి, ఎక్కువ భాగం వీడియోలు చూసి చేసినవే. ఇంతవరకు ఒక్క పిలుపూ రాలేదు. చిన్నవైనా సరే, మూడు గట్టి ప్రాజెక్టులు ఉంటే చాలని అంటున్నారు. ఏ మూడు చేయాలి?

సమాధానం:

ముందుగా ఆ పద్నాలుగింటినీ ప్రైవేటుగా మార్చేయండి. తొలగించనక్కర్లేదు, బయటివాళ్లకు కనిపించకపోతే చాలు.

మాది పర్లాకిమిడి. పదకొండేళ్లుగా విశాఖపట్నంలో వెబ్ పనిలో ఉన్నాను. మాది చిన్న సంస్థ కాబట్టి కొత్తవాళ్ల దరఖాస్తులు మొదట నా దగ్గరికే వస్తాయి. నేను వాటిని చూసే తీరు చెబుతాను. లింకును ఫోనులో తెరుస్తాను. తెరుచుకోకపోతే అక్కడితో ఆగిపోతాను. తెరుచుకుంటే రెండు మూడు బటన్లు నొక్కి, ఫారంలో కావాలనే తప్పుడు విలువ ఒకటి ఇచ్చి చూస్తాను. అది తట్టుకుంటే గిట్‌హబ్‌కు వెళ్లి కమిట్లు చదువుతాను. వాతావరణం చూపే పేజీ, చేయవలసిన పనుల జాబితా, పేరున్న సినిమా సైటుకు నకలు: ఈ మూడూ కలిసి ఉన్న దరఖాస్తులు నాకు లెక్కలేనన్ని వచ్చాయి. వాటిలో ఏది అభ్యర్థి ఆలోచనో, ఏది వీడియో చేసినాయన ఆలోచనో విడదీయడం నా వల్ల కాదు. అందుకే పక్కన పెట్టేస్తాను. అది అన్యాయమే కావచ్చు, కానీ జరిగేది అదే.

ఇంటర్వ్యూ చేసేవాడి మనసులో మూడు అనుమానాలు ఉంటాయి. ఈ అమ్మాయికో అబ్బాయికో పేజీని శుభ్రంగా కట్టడం వచ్చా? బయటినుంచి ఆలస్యంగా, తప్పులతో వచ్చే డేటాను తట్టుకోవడం తెలుసా? ఇతరుల లెక్కను చెడిపోకుండా దాచగలరా? ఒక్కో ప్రాజెక్టు ఒక్కో అనుమానం తీర్చాలి. మూడూ ఒకే రకం పని చూపిస్తే ఒకటి చేసినట్టే. మొదటి రెండింటి గురించి త్వరగా చెప్పి, మూడో దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా లెక్కలో పిలుపు తెచ్చేది అదే.

మొదటిది ఒక దుకాణానికి ఒక పేజీ. మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేసేవాళ్లు ఉన్నారు. మీ ఊళ్లో మరొకరు ఉంటారు. ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా, కేవలం హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లతో వాళ్ల పని చూపించే పేజీ చేయండి. తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. మన సరిహద్దు ఊళ్లలో కొనేవాళ్లు రెండు భాషలవాళ్లూ కదా. తెలుగు భాగానికి `lang="te"`, ఒడియా భాగానికి `lang="or"` పెట్టండి. సీఎస్ఎస్‌లో వరుసల ఎత్తు, అంటే `line-height`, కనీసం 1.6 ఉంచండి. ఇంగ్లిషు పేజీలకు సరిపోయే 1.2 ఉంచితే మన ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఫోనుతో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోలను అలాగే పెట్టవద్దు. 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి పెడితే కంటికి తేడా తెలియదు, పేజీ మాత్రం కొండదారిలో బస్సులో కూర్చున్నవాళ్లకు కూడా తెరుచుకుంటుంది.

ఈ పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టవచ్చు. ఇక్కడ కొత్తవాళ్లందరూ పడే గుంటలు రెండు. ఇంట్లో విండోస్ కంప్యూటరు మీద `Bomma.JPG`, `bomma.jpg` ఒకటే. అక్కడి సర్వరుకు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. మీ దగ్గర కనిపించిన ఫొటో నా దగ్గర కనిపించదు. రెండో గుంట చిరునామాది. ప్రాజెక్టు సైటు `username.github.io/dukanam/` అన్న రూపంలో ఉంటుంది, కాబట్టి `/style.css` అని గీతతో మొదలుపెట్టి రాస్తే బ్రౌజరు `dukanam` బయట వెతుకుతుంది. `style.css` అని మాత్రమే రాయండి. రంగు, అమరిక ఏమీ లేకుండా తెల్లటి పేజీ వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

రెండోది జావాస్క్రిప్టుతో వెతుకుడు పేజీ. సంతలో పనికొచ్చేలా కూరగాయల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఒక వంద పోగేసి జేసన్ ఫైలుగా పెట్టండి. వంకాయకు బైగణ, బంగాళాదుంపకు ఆళు, అలాగన్నమాట. పై పెట్టెలో పేరు కొడితే కింద జాబితా తగ్గుతూ రావాలి. చిన్న పని అనిపిస్తుంది. కానీ బీట్‌రూట్ అని కొట్టి చూడండి.

ఈ మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. ‘ట్’, ‘రూ’ అతుక్కోకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులతో కొట్టినప్పుడు ఆ గుర్తు పడదు, అప్పుడు మాట ‘బీట్రూట్’ అని వస్తుంది. చదివేవాళ్లకు రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. మీ ఫైలులో ఒకలాగా, వెతికేవాళ్లు కొట్టింది ఇంకొకలాగా ఉంటే ‘ఏమీ దొరకలేదు’ అని వస్తుంది. కాబట్టి పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపానికి తేవాలి:

```js
const clean = (s) =>
  s.normalize("NFC").replace(/[\u200C\u200D]/g, "").trim();
```

ఈ నాలుగు ముక్కల కోడు ఎందుకు రాశారో ఒక వాక్యంలో చెప్పగలిగితే, తెలుగులో పనిచేసే సైటు మీద నిజంగా కూర్చున్నారని ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఇదే ప్రాజెక్టులో `fetch` సంగతి కూడా చూసుకోండి. ఫైలు దొరకక సర్వరు 404 పంపినా `fetch` దాన్ని ఎర్రర్‌గా లెక్కించదు, `catch` లోకి రాదు. `response.ok` ను మీరే చూడాలి. ఫైలు పేరును కావాలనే ఒక అక్షరం మార్చి పరీక్షించండి. పేజీ మౌనంగా ఖాళీగా ఉండిపోతే పని పూర్తి కాలేదని అర్థం. డేటా వస్తున్నప్పుడు, రానప్పుడు, వచ్చినా ఫలితం లేనప్పుడు తెర మీద ఏం కనిపించాలో మూడూ విడివిడిగా రాయండి.

ఇక మూడోది. మా ఇంట్లో గోడకు ఒక తెలుగు క్యాలెండరు, పక్కనే ఒక ఒడియా క్యాలెండరు ఉండేవి. పండుగలు రెండింటిలోనూ చూసుకునేవాళ్లం, పాల లెక్క మాత్రం తెలుగు క్యాలెండరు గళ్లలోనే. లీటరు పోస్తే 1, అర లీటరైతే ½, రాని రోజు అడ్డగీత. నెలాఖరున అమ్మ గళ్లన్నీ కూడి, పాలాయన పుస్తకంతో సరిచూసి డబ్బులిచ్చేది. కాశీనగర్‌లో ఉండే మా పిన్ని కొడుకు రెండేళ్ల కిందట నన్ను సలహా అడిగితే, ఈ క్యాలెండరునే వెబ్ యాప్‌గా చేయమన్నాను. వాళ్ల వీధికి వాడుక పాలు పోసే ఆయన నిజంగానే దాన్ని ఫోనులో వాడతానని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఏ వీడియోలోనూ ఉండవు.

మొదటి చిక్కు ధర. మావాడు ధరను ఇంటి వివరాల్లో ఒకచోట రాసుకుని, నెలాఖరున లీటర్లను దానితో గుణించాడు. ఆ నెల మధ్యలో ధర పెరిగింది. రోజుకు లీటరు పోసే ఇల్లు అనుకోండి, ముప్పై రోజుల నెల. మొదటి పదిహేను రోజులు 58 రూపాయల చొప్పున 870, తర్వాతి పదిహేను రోజులు 60 చొప్పున 900, కలిపి 1,770 రావాలి. యాప్ 1,800 చూపించింది, ఎందుకంటే ధర మార్చిన క్షణంలో పాత రోజులకు కూడా కొత్త ధరే అంటుకుంది. ముప్పై రూపాయల తేడాకు గుమ్మం దగ్గర మాట పెరగడం మీకు తెలియనిది కాదు. మందు ఒక్కటే: ఏ రోజు నమోదులో ఆ రోజు ధర కూడా ఉండాలి.

```sql
CREATE TABLE entries (
  id INTEGER PRIMARY KEY,
  house_id INTEGER NOT NULL REFERENCES houses(id),
  day TEXT NOT NULL,
  ml INTEGER NOT NULL CHECK (ml >= 0),
  paise_per_litre INTEGER NOT NULL,
  UNIQUE (house_id, day)
);
```

పాలను లీటర్లలో కాక మిల్లీలీటర్లలో, ధరను రూపాయల్లో కాక పైసల్లో ఉంచడం గమనించండి. జావాస్క్రిప్టులో 19.99 ని 100 తో గుణిస్తే 1999 రాదు, 1998.9999999999998 వస్తుంది. భిన్నాలతో డబ్బు లెక్క పెట్టుకుంటే ఎక్కడో ఒక పైసా జారుతుంది. పూర్ణసంఖ్యలు పెట్టుకుని, నెల మొత్తం కూడిన తర్వాత ఒక్కసారి మాత్రమే దగ్గరి రూపాయికి సరిచేయాలి. రోజూ సరిచేస్తే పావు లీటరు ఇళ్లలో ముప్పై చిన్న తప్పులు ఒకచోట చేరతాయి. చివరి వరుసలోని `UNIQUE` వల్ల ఒక ఇంటికి ఒక రోజు ఒక్క నమోదే ఉంటుంది. పాలాయన బటన్ రెండుసార్లు నొక్కినా కొత్త వరుస చేరదు. `INSERT` కు `ON CONFLICT (house_id, day) DO UPDATE` కూడా జోడిస్తే ఉన్నదే మారుతుంది, లేకపోతే ఎర్రర్ వస్తుంది. ఉదయం పాలతో పాటు సాయంత్రం పాలు కూడా పోసే ఊరైతే పూట పేరుతో ఇంకో గడి కావాలి. వాడేవాళ్లను అడగకుండా పట్టిక గీయకూడదనేది అందుకే.

రెండో చిక్కు నాకు చాలా ఇష్టమైనది. యాప్ వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత పాలాయన ఫోను చేసి, ఒక ఇంట్లో సోమవారం నాగా పెట్టినట్టు చూపిస్తోంది, నేను పోశాను అన్నాడు. మావాడు పగలు కూర్చుని ఎన్నిసార్లు నమోదు చేసినా తప్పు రాలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాడు. నేను ఒకటే అడిగాను: ఆయన ఆ ఇంటికి ఎన్ని గంటలకు వెళతాడు? తెల్లవారి అయిదుంబావు లోపే అన్నాడు. అక్కడ దొరికింది.

తేదీ కోసం వాడు రాసినది `new Date().toISOString().slice(0, 10)`. చాలామంది రాసేది ఇదే. కానీ ఇది ఇచ్చేది యూటీసీ తేదీ, మన సమయానికి అయిదున్నర గంటలు వెనకది. అంటే తెల్లవారి అయిదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. మూడు రోజులు వరసగా చూద్దాం. సోమవారం 5:10 కి లీటరు పోశాడు, అది ఆదివారం కింద పడింది. మంగళవారం ఆలస్యమై 5:50 కి అర లీటరు పోశాడు, అది సరిగ్గా మంగళవారం కిందే పడింది. బుధవారం మళ్లీ 5:10 కి లీటరు పోశాడు, అది మంగళవారం గడిలోకి వెళ్లి అక్కడి అర లీటరును చెరిపేసింది. సోమవారం గడి ఖాళీ. పోసింది రెండున్నర లీటర్లు, లెక్కలో ఉన్నది రెండు. పగలు పరీక్షించేవాడికి ఈ తప్పు జన్మలో కనిపించదు. రోజూ అయిదున్నర దాటాక వెళ్లే ఇళ్లలోనూ కనిపించదు. సవరణ మాత్రం ఒక్క వరుస:

```js
const day = new Date().toLocaleDateString("en-CA", {
  timeZone: "Asia/Kolkata",
});
```

కెనడా పేరు చూసి కంగారు పడవద్దు. ఏడాది, నెల, రోజు అన్న వరుసలో తేదీ రావడానికి అది ఒక ఉపాయం, అంతే. అసలు పని చేసేది రెండో ముక్క. సర్వరు ఏ దేశంలో ఉన్నా తేదీ మనదే వస్తుంది.

ఈ తప్పు దొరికినప్పుడు మావాడు దాన్ని సరిచేసి, సిగ్గుపడి, పాత కమిట్లు చెరిపేసి మొత్తం ఒకే కమిట్‌గా ఎక్కించబోయాడు. వద్దన్నాను. ‘తెల్లవారి 5:30 లోపు నమోదులు ముందురోజు కింద పడుతున్నాయి, భారత సమయానికి మార్చాను’ అన్న కమిట్ ఒక్కటి పది సర్టిఫికెట్లకన్నా నాకు ఎక్కువ చెబుతుంది. మొత్తం ప్రాజెక్టు ఒకే రోజు, ఒకే కమిట్‌లో వచ్చి పడితే మాత్రం ఎక్కడినుంచో దింపుకున్నారనే అనుకుంటాను. కమిట్ సందేశాలు ఇంగ్లిషులోనే రాయండి, భాష తడబడినా పరవాలేదు, జరిగింది అందులో ఉండాలి.

భద్రత దగ్గర ఒక్కటి తప్పక చూసుకోండి. లాగిన్ పెట్టాక, ఒక ఇంటి బిల్లు చిరునామా `/houses/7/bill` అయితే, 7 తీసి 8 కొట్టండి. పక్కింటి బిల్లు కనిపిస్తే లాగిన్ ఉన్నా లేనట్టే. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో నాలాంటి చెడ్డ అలవాటున్నవాళ్లు మొదట చేసే పని ఇదే. లోపలికి వచ్చినది ఎవరో తెలుసుకోవడం ఒకటి, వాళ్లు అడిగిన వరుస వాళ్లదేనా అని ప్రతిసారీ సర్వరులో చూడటం మరొకటి. రెండోదాన్ని కొత్తవాళ్లు మరచిపోతారు. డేటాబేసు పాస్‌వర్డు ఉన్న `.env` ఫైలును గిట్‌హబ్‌కు ఎక్కించవద్దు. పొరపాటున ఎక్కితే ఫైలు తీసేసినంత మాత్రాన పోదు, పాత కమిట్లలో చదవవచ్చు. వెంటనే పాస్‌వర్డే మార్చాలి.

యాప్‌ను ఉచిత సర్వరు మీద పెట్టేటప్పుడు ఇంకో దెబ్బ ఉంది. ఇలాంటివాటిలో చాలా సర్వర్లు కాసేపు ఎవరూ రాకపోతే నిద్రపోతాయి, మళ్లీ లేచేందుకు అర నిమిషమో అంతకన్నా ఎక్కువో పడుతుంది. కొన్నింటిలో లేచినప్పుడల్లా డిస్కు ఖాళీ అవుతుంది, అంటే ఎస్‌క్యూలైట్ ఫైలుతో పాటు మీ డేటా అంతా మాయం. నేను తెరిచేసరికి ఖాళీ పట్టిక కనిపిస్తే యాప్ ఏం చేస్తుందో నాకెలా తెలుస్తుంది? అందుకని చూసేవాళ్ల కోసం విడిగా ఒక నమూనా ప్రతి పెట్టండి. సర్వరు లేచిన ప్రతిసారీ అయిదు ఇళ్లు, రెండు నెలల నమోదులు తనంతట తానే నింపుకునేలా చిన్న స్క్రిప్టు రాయండి. ఆ ఇళ్ల పేర్లు కల్పితమే కావాలి. మీ వీధివాళ్ల అసలు పేర్లు, ఫోను నంబర్లు బయట పెట్టవద్దు. లాగిన్ తెర మీదే నమూనా పేరు, పాస్‌వర్డు రాసి ఉంచండి. ఖాతా తెరవమంటే తెరిచే ఓపిక మాకు ఉండదు. పాలాయన వాడే అసలు ప్రతిని మాత్రం డేటా నిలిచే చోటే ఉంచాలి, లేకపోతే నెలాఖరున మీరే డబ్బులు కట్టుకోవాల్సి వస్తుంది.

ఇక `README.md`. ఒక తెర దాటకుండా రాయండి: ఎవరి కోసం చేశారు, ఎక్కడ చూడాలి, సొంత కంప్యూటరులో ఎలా నడపాలి, రెండు ఫొటోలు. సర్వరు నిద్ర సంగతీ అక్కడే ఒక వాక్యంలో చెప్పేయండి. చివర ఇంకా చేయనివి ఏమిటో రాయండి. మావాడు అక్కడ, ఊరి చివర రెండు వీధుల్లో సిగ్నల్ ఉండదు, అక్కడ నొక్కిన నమోదు పోతోంది అని రాశాడు. ఇంటర్వ్యూలో సగం సేపు దాని గురించే అడిగారట: నమోదును ఫోనులోనే దాచి తర్వాత పంపితే, ఈలోగా ఇంటివాళ్లు అదే రోజును మార్చి ఉంటే ఎవరి మాట నిలవాలి? వాడికి పూర్తి జవాబు రాలేదు. పాలాయన మాట నిలవాలి, కానీ ఇంటివాళ్లకు మార్పు కనిపించాలి అన్నాడట. ఉద్యోగం వచ్చింది. అక్కడ జీతం పెద్దదేమీ కాదు, ఆ సంగతి వేరు.

కాలం విషయానికొస్తే, రోజుకు రెండు మూడు గంటలు కూర్చుంటే మొదటిదానికి వారం, రెండోదానికి పది రోజులు, మూడోదానికి నెల పడుతుంది. మూడోదాన్ని ముందుగా మొదలుపెట్టవద్దు, మొదటి రెండింటిలో పడిన గుంటల్లో అక్కడ మళ్లీ పడకుండా ఉంటారు. పాల లెక్కనే చేయాలని కూడా లేదు. చీటీల లెక్క కావచ్చు, టైలరు దగ్గర కొలతల పుస్తకం కావచ్చు. ఇప్పుడు కాగితం మీద నడుస్తున్నదై ఉండాలి, రోజూ వాడే మనిషి ఒకరైనా మీకు నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి.

రెజ్యూమేలో ఒక్కో ప్రాజెక్టుకు రెండు వరుసలు చాలు. మొదటి వరుసలో ఎవరు వాడుతున్నారు, రెండో వరుసలో ఏ చిక్కు విప్పారు. వాడిన పనిముట్ల పేర్లు చివర చిన్నగా రాయండి. లింకులు పంపే ముందు వాటిని మీ ఫోనులో కాదు, మీ ఖాతాలేవీ లేని ఇంకొకరి ఫోనులో, వైఫై ఆపి తెరిచి చూడండి. గిట్‌హబ్‌లో ప్రైవేటుగా ఉండిపోయిన ప్రాజెక్టు మీకు మాత్రమే కనిపిస్తుంది, మాకు 404 వస్తుంది. కిందటి నెలలో అలాంటి దరఖాస్తులు నాకు రెండు వచ్చాయి.